నూట ఎనభైకి ఒక్క పైసా తేడా

మూడు అడ్డువరసలు, మూడు నిలువువరసలు, తొమ్మిదీ పూర్ణాంకాలే. మ్యాట్‌ల్యాబ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో `gallery(3)` అని కొడితే ఈ మాత్రిక కనిపిస్తుంది:

```
-149   -50  -154
 537   180   546
 -27    -9   -25
```

మూడు సంఖ్యల సదిశను దేన్నైనా దీనితో గుణిస్తే మూడు సంఖ్యల సదిశ ఇంకొకటి వస్తుంది. మామూలుగా ఇచ్చినదాని దిశ ఒకటి, వచ్చినదాని దిశ ఇంకొకటి. కొన్ని ప్రత్యేకమైన దిశల్లో మాత్రం తిప్పడం ఉండదు, సాగదీయడమో కుదించడమో మాత్రమే ఉంటుంది. ఆ దిశల్లో ఉన్నవాటిని ఐగెన్ సదిశలు అంటారు. ఎన్ని రెట్లు సాగిందో చెప్పే సంఖ్య ఐగెన్ విలువ. కాగితం మీద చేసి చూడండి. (−4, 9, 1)ని ఈ మాత్రికతో గుణిస్తే మొదటి అడ్డువరస నుంచి 596 − 450 − 154, అంటే −8 వస్తుంది. రెండోదాని నుంచి 18, మూడోదాని నుంచి 2 వస్తాయి. (−8, 18, 2) అంటే మొదటి సదిశకు సరిగ్గా రెట్టింపు. కాబట్టి 2 ఒక ఐగెన్ విలువ. ఇదే పద్ధతిలో (1, −3, 0)కి 1, (7, −49, 9)కి 3 వస్తాయి. ఈ మాత్రిక ఐగెన్ విలువలు 1, 2, 3. ఇంతకంటే శుభ్రమైన జవాబు ఉండదు.

వంతెన ఏ లయలో ఊగుతుంది, విద్యుత్ గ్రిడ్ కుదుపును తట్టుకుంటుందా, విమానం ముక్కు పైకీ కిందికీ ఆడితే ఆ ఆట తగ్గుతుందా పెరుగుతుందా అన్నవన్నీ చివరికి ఏదో ఒక మాత్రిక ఐగెన్ విలువల ప్రశ్నలే. అక్కడ మాత్రికలోని సంఖ్యలు కొలతల నుంచి వస్తాయి, కొలతలో ఎంతో కొంత తేడా తప్పదు. మన మాత్రిక నడిమధ్యన ఉన్న 180లో అలాంటి తేడాయే వచ్చిందనుకుందాం. అది 180 కాదు, 180.01. నూట ఎనభై రూపాయలకు ఒక్క పైసా ఎక్కువ. మిగతా ఎనిమిది సంఖ్యలూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు ఐగెన్ విలువలు 0.207, 2.301, 3.502. 1 అనుకున్నది 0.2కు పడిపోయింది. పైసా తేడాకు ఎనభై పైసల నష్టం.

పైసా పెంచకుండా తగ్గిస్తే, అంటే 179.99 అని రాస్తే, ఇంకో విచిత్రం. వాస్తవ సంఖ్య ఒకటే మిగులుతుంది, 2.66 దగ్గర. మిగతా రెండూ కలిసి 1.66 ± 1.05i అనే సంకీర్ణ సంఖ్యల జంటగా మారిపోతాయి. ఈ మాత్రిక నిజంగా ఏదో యంత్రాన్ని వర్ణిస్తుంటే ఈ మార్పుకు అర్థం చాలా పెద్దది. సంకీర్ణ జంట వచ్చిందంటే ఆ యంత్రం ఊగుతోందని అర్థం. ఊగుతుందా ఊగదా అన్న ప్రశ్నకు జవాబు ఒక పైసా అటూ ఇటూ అవడం మీద ఆధారపడుతోంది.

అన్ని మాత్రికలూ ఇలా ఉండవు. ప్రధాన వికర్ణానికి ఇటు ఏ సంఖ్య ఉందో అటూ అదే ఉండే సౌష్ఠవ మాత్రికను తీసుకుంటే, వికర్ణం మీది ఒక సంఖ్యను 0.01 మార్చినప్పుడు ఏ ఐగెన్ విలువా 0.01 కంటే ఎక్కువ కదలదు. ఎంత పెద్ద మాత్రికైనా సరే, లోపలి సంఖ్యలు ఎంత పెద్దవైనా సరే. దీన్ని హెర్మన్ వైల్ 1912లోనే నిరూపించాడు. సౌష్ఠవ మాత్రికల ఐగెన్ సదిశలను ఒకదానికొకటి లంబంగా ఎంచుకోవచ్చు. అలా లంబమైన ఐగెన్ సదిశల పూర్తి సమితి దొరికే మాత్రికలన్నిటినీ నార్మల్ మాత్రికలు అంటారు. మనది నార్మల్ కాదు. దాని మూడు ఐగెన్ సదిశల దిశలు ఎలా ఉన్నాయో చూస్తే గుట్టు అక్కడే దొరుకుతుంది.

సదిశకు ముందూ వెనకా అన్న తేడా వదిలేసి గీతల మధ్య కోణాలు కొలిస్తే, మొదటిదానికీ రెండోదానికీ మధ్య 8 డిగ్రీలు, మొదటిదానికీ మూడోదానికీ మధ్య 14.5 డిగ్రీలు, రెండోదానికీ మూడోదానికీ మధ్య 22.5 డిగ్రీలు. 90 ఉండాల్సిన చోట ఇవీ కోణాలు. అంతేకాదు, మొదటి రెండూ కూడితే మూడోది వస్తోంది. అంటే మూడు గీతలూ ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉండటమే కాకుండా దాదాపు ఒకే తలంలో పడి ఉన్నాయి. మూడింటి పొడవూ 1 చేసి, వాటిని అంచులుగా పెట్టి పెట్టె కడితే, లంబంగా ఉన్నప్పుడు దాని ఘనపరిమాణం 1 అయ్యేది. ఇక్కడ 1లో సుమారు 1575వ వంతు మాత్రమే. పెట్టె అనడానికి లేదు, అది దాదాపు కాగితం.

దిశలు ఇలా ఒదిగి ఉంటే ఏమవుతుంది? నేరుగా రెండో అక్షం మీద ఉన్న చిన్న సదిశ (0, 1, 0)ను ఈ మూడు ఐగెన్ సదిశల కలయికగా రాయాలంటే మొదటిది 43 రెట్లు, రెండోది 9 రెట్లు తీసుకుని, మూడోదాన్ని ఒకసారి తీసేయాలి. సరిచూడండి. మొదటి స్థానంలో 43 − 36 − 7 = 0. రెండో స్థానంలో −129 + 81 + 49 = 1. మూడో స్థానంలో 9 − 9 = 0. నూటికి పైగా ఉన్న అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే చివరికి ఒకటి మిగిలింది. దిశలు లంబంగా ఉండి, సదిశల పొడవు 1 ఉండుంటే ఏ వాటా కూడా 1 దాటేది కాదు.

ఆ −129, 81, 49లను గుర్తుపెట్టుకోండి. 180కి ఒక చిన్న మొత్తం d కలిపామంటే, ఏ సదిశను గుణించినా దాని రెండో సంఖ్యకు d రెట్లు (0, 1, 0) దిశలో అదనంగా వచ్చి చేరుతుంది. మొదటి ఐగెన్ సదిశ (1, −3, 0)లో రెండో సంఖ్య −3. కాబట్టి దానికి −3d రెట్లు (0, 1, 0) చేరుతుంది. కానీ (0, 1, 0)లో మళ్లీ మొదటి ఐగెన్ సదిశే 43 రెట్లు దాగి ఉంది. మొత్తం −129d. అంటే d చాలా చిన్నదైనంత కాలం మొదటి ఐగెన్ విలువ దానికి 129 రెట్లు కిందికి జారుతుంది. ఇలాగే రెండోది 81 రెట్లు, మూడోది 49 రెట్లు పైకి జరుగుతాయి. మూడూ కూడితే d వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే వికర్ణం మీది సంఖ్యల మొత్తమూ ఐగెన్ విలువల మొత్తమూ ఎప్పుడూ సమానం. మాత్రిక మొత్తంగా చూస్తే మారింది పైసాయే, లోపల మాత్రం మూడు విలువలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరంగా వెళ్లిపోయాయి.

ఈ లెక్క మరీ చిన్న మార్పులకే సరిపోతుందని చెప్పాలి. 180ని 180.0001 చేస్తే 1 కాస్తా 0.987 అవుతుంది, లెక్క కుదిరింది. 0.01 దగ్గర మాత్రం ఇదే లెక్క −1.29 మార్పు చెబుతుంది, నిజంగా వచ్చింది −0.79. అప్పటికే విలువలు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి.

నడి సంఖ్యనే ఎందుకు, తొమ్మిదింటినీ ఇష్టం వచ్చినట్టు కదపొచ్చు కదా అని అడగొచ్చు. అలా కదిపితే మొత్తం మార్పుకు గరిష్ఠంగా ఎన్ని రెట్లు కదలిక రావచ్చో చెప్పే సంఖ్యను ఆ ఐగెన్ విలువ కండిషన్ సంఖ్య అంటారు. మన మాత్రికలో అవి 1కి సుమారు 604, 2కి 395, 3కి 219. నార్మల్ మాత్రికల్లో ప్రతి విడి ఐగెన్ విలువకూ ఇది సరిగ్గా 1.

ఇక కంప్యూటర్ దగ్గరకు వద్దాం. కంప్యూటర్ దశాంశాలను అనంతంగా దాచుకోదు. మామూలు డబుల్ ప్రెసిషన్‌లో దాదాపు 16 అంకెలు ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది. వేల గుణకారాల్లో ప్రతిసారీ ఇలా వదిలేస్తే చివరికి జవాబు ఎంత నమ్మదగ్గది? లండన్ పక్కన టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసిన జేమ్స్ విల్కిన్సన్ ఈ ప్రశ్నను తిరగేసి చూశాడు. వచ్చిన జవాబులో తప్పెంత అని అడగలేదు. ఈ జవాబు ఏ మాత్రికకు కచ్చితంగా సరైన జవాబు అవుతుందని అడిగాడు. మంచి పద్ధతి అయితే ఆ మాత్రిక మనం ఇచ్చినదానికి చాలా దగ్గర్లో, చివరి అంకెల తేడాతో ఉంటుంది. ఐగెన్ విలువలకు ఇప్పటికీ అందరూ వాడే క్యూఆర్ పద్ధతి అలాంటి మంచి పద్ధతే. విల్కిన్సన్ 1965లో ఐగెన్ విలువల లెక్కల మీద రాసిన పుస్తకంలో ఈ ఆలోచన నిండా పరుచుకుని ఉంటుంది.

అంటే పద్ధతి తన వంతుగా పైసాలో ఎక్కడో అణువంత తేడా తెస్తుంది. దాన్ని ఎన్ని రెట్లు పెంచాలో మాత్రిక నిర్ణయిస్తుంది. మన మాత్రిక పరిమాణం సుమారు 800. డబుల్ ప్రెసిషన్‌లో పొరపాటు సుమారు 10⁻¹³ స్థాయిలో ఉంటుంది. దాన్ని 604తో గుణిస్తే 10⁻¹⁰. పదహారు అంకెలతో మొదలుపెట్టి పది దగ్గర తేలాం. అది ఫర్వాలేదు. అదే సింగిల్ ప్రెసిషన్‌లో చేస్తే పరిస్థితి వేరు. అక్కడ ఏడు అంకెలే ఉంటాయి, పొరపాటు 10⁻⁴ స్థాయి, 604 రెట్లు చేస్తే 0.06. మొదటి ఐగెన్ విలువ 1.06 అనో 0.94 అనో వచ్చినా ప్రోగ్రామును తప్పుపట్టడానికి లేదు. ఇవి గరిష్ఠ హద్దులు, ప్రతిసారీ అంత తప్పు రాదు. కానీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అదీకాక మాత్రిక కేవలం మూడు వరసలది. వందల వరసలుండి సదిశలు ఇంకా ఒదిగి ఉంటే డబుల్ ప్రెసిషన్‌లో కూడా ఒక్క అంకె నమ్మలేని స్థితి వస్తుంది.

ఇక్కడ కాలేజీలో నేర్చుకున్న పద్ధతి గురించి ఒక మాట. పరీక్షల్లో ఐగెన్ విలువలు కనుక్కోమంటే నిర్ధారకం వేసి, బహుపది రాసి, దాని మూలాలు కడతాం. చేత్తో చేసే చిన్న లెక్కలకు అది బాగుంటుంది. కంప్యూటర్‌లో మాత్రం అది మంచి ప్రశ్నను చెడ్డ ప్రశ్నగా మార్చే దారి. వికర్ణం మీద 1 నుంచి 20 దాకా రాసి మిగతా అంతా సున్నాలు పెట్టిన మాత్రికను చూడండి. సౌష్ఠవ మాత్రిక, ఐగెన్ విలువలు 1 నుంచి 20, ఎంత కదిపితే అంతే కదులుతాయి. ఇప్పుడు దీని బహుపది రాయండి. xను 19సార్లు గుణించిన పదం గుణకం −210. దాంట్లో 2⁻²³ తీసేస్తే, అంటే దాదాపు కోటిలో ఒక వంతు తేడా వస్తే, ఇరవై మూలాల్లో పది సంకీర్ణ సంఖ్యలైపోతాయి. అందులో ఒక జంట 16.73 ± 2.81i దగ్గర పడుతుంది. ఇది కూడా విల్కిన్సన్ చూపించిందే. మాత్రికలో ఏ దోషమూ లేదు, మధ్యలో బహుపదిలోకి దిగడమే దోషం. అందుకే నేటి సాఫ్ట్‌వేర్లు ఎదురు దారిలో పోతాయి. బహుపది మూలాలు అడిగినా దాన్ని మాత్రికగా మార్చి ఐగెన్ విలువలు కడతాయి.

మన చేతిలో ఉన్న మాత్రిక ఏ కోవదో ఎలా తెలుసుకోవాలి? కండిషన్ సంఖ్యలను అడగడమే దగ్గరి దారి. మ్యాట్‌ల్యాబ్‌లో `condeig` ఉంది. పైథాన్‌లో ఐదు వరసలు చాలు:

```
import numpy as np
from scipy.linalg import eig
A = np.array([[-149,-50,-154],[537,180,546],[-27,-9,-25]], float)
w, L, R = eig(A, left=True, right=True)
print(w.real, 1/abs((L.conj()*R).sum(axis=0)))
```

చాలామంది ఇక్కడ `cond(A)` కొట్టి చూస్తారు. అది వేరే ప్రశ్నకు జవాబు. Ax = b అనే సమీకరణాలను సాధిస్తే పొరపాటు ఎంత పెరుగుతుందో అది చెబుతుంది. వికర్ణం మీద 1, 10⁻¹⁰ ఉన్న రెండు వరసల మాత్రికకు `cond` వెయ్యి కోట్లు చూపిస్తుంది, అయినా దాని ఐగెన్ విలువలు మాత్రికను కదిపినంత కంటే ఎక్కువ కదలవు. రెండింటినీ కలగాపులగం చేస్తే మంచి మాత్రికను అనుమానిస్తాం, చెడ్డదాన్ని నమ్ముతాం. ఏ సాఫ్ట్‌వేర్ ఆదేశమూ గుర్తులేకపోతే మొరటు పరీక్ష ఒకటుంది. కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చో అంత యాదృచ్ఛికంగా ప్రతి సంఖ్యకూ కలిపి, ఐగెన్ విలువలు మళ్లీ కట్టి, అలా కొన్ని వందలసార్లు చేసి చుక్కలు పెట్టడం. చుక్కలు ఒకచోట గుంపుగా ఉంటే నిశ్చింత. మరకలా పరుచుకుంటే ఆ మరకే మీ జవాబు. ఫలానా పరిమాణం లోపు తేడా వస్తే ఐగెన్ విలువలు ఎక్కడెక్కడికి పోగలవో ఆ ప్రాంతమంతటినీ సూడోస్పెక్ట్రమ్ అంటారు. చుక్కల మరక దానికి చేతి గీత లాంటిది.

అయితే ఐగెన్ విలువలు కచ్చితంగా తెలిసినా, పైసా కూడా తేడా లేకపోయినా, ఒదిగిన దిశలు వదలవు. మన మాత్రికలోని ప్రతి సంఖ్య గుర్తునూ తిప్పేసి, ఆ మాత్రిక ప్రకారం కాలంతో మారే వ్యవస్థను ఊహించండి. ఐగెన్ విలువలు −1, −2, −3. అన్నీ రుణాత్మకం, కాబట్టి ఏ కుదుపైనా చివరికి చచ్చిపోవాలి. ఇది పాఠ్యపుస్తకం మాట, తప్పు లేదు. ఇప్పుడు (0, 1, 0) అనే కుదుపు ఇద్దాం, పరిమాణం 1. దానిలో ఉన్నవి 43, 9, −1 వాటాలని ఇందాకే చూశాం. ఒక సెకను గడిచేసరికి మొదటి వాటా 0.368 వంతుకు, రెండోది 0.135 వంతుకు, మూడోది 0.05 వంతుకు తగ్గుతాయి. అన్నీ తగ్గాయి, కానీ ఒకే వేగంతో తగ్గలేదు. మొదట్లో −129ని కొట్టేస్తున్న 81, 49 ముందే కరిగిపోయాయి. రెండో స్థానంలో ఇప్పుడు −47.5 + 11 + 2.4, అంటే దాదాపు −34 మిగిలింది. మిగతా స్థానాలూ కలిపి చూస్తే కుదుపు పరిమాణం 1 నుంచి 35.7కు పెరిగింది. ఐదో సెకనుకి మళ్లీ 1 లోపలికి వస్తుంది, ఆ తర్వాత మాయమవుతుంది. ఐగెన్ విలువలు చెప్పింది చివరి సంగతి. మధ్యలో 35 రెట్లు ఉబ్బడం వాటిలో ఎక్కడా కనబడదు.

ద్రవ ప్రవాహాల శాస్త్రంలో ఇది చాలాకాలం చిక్కుముడిగా ఉంది. పొరలు పొరలుగా సాఫీగా సాగే ప్రవాహం ఎప్పుడు చెదిరి సుళ్లు తిరుగుతుందో ఆస్బోర్న్ రెనాల్డ్స్ మాంచెస్టర్‌లో గాజు గొట్టంలో రంగు వదిలి పరిశీలించి 1883లో ప్రచురించాడు. వేగం, వెడల్పు, జిగట కలిపి ఒకే సంఖ్యగా చెప్పే రెనాల్డ్స్ సంఖ్య ఆ పని నుంచి వచ్చిందే. రెండు సమాంతర పలకల మధ్య ఒత్తిడితో పారే ప్రవాహానికి సమీకరణాలు రాసి ఐగెన్ విలువలు కడితే, రెనాల్డ్స్ సంఖ్య 5772 దాటితేనే అస్థిరత మొదలవాలి. స్టీవెన్ ఆర్‌జాగ్ 1971లో దీన్ని కచ్చితంగా లెక్కగట్టాడు. ప్రయోగశాలల్లో మాత్రం ప్రవాహం దాదాపు 1000 దగ్గరే చెదిరిపోవచ్చు. ఒక పలకను నిలిపి రెండోదాన్ని జరిపితే కలిగే ప్రవాహానికి ఐగెన్ విలువలు ఎప్పుడూ స్థిరమనే చెబుతాయి. అదీ చెదురుతుంది.

1993లో లాయిడ్ ట్రెఫెతెన్, ఆన్ ట్రెఫెతెన్, సతీశ్ రెడ్డి, టోబిన్ డ్రిస్కాల్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ తేడాను నాన్‌నార్మల్ మాత్రికల వైపు నుంచి చూపించింది. ఈ ప్రవాహాల ఐగెన్ సదిశలు మన మూడు గీతల కంటే ఎన్నో రెట్లు దారుణంగా ఒదిగి ఉంటాయి. ఐగెన్ విలువలన్నీ తగ్గుతాయని చెబుతున్నా కొన్ని రకాల చిన్న కుదుపులు మధ్యలో వేల రెట్లు ఉబ్బగలవు. ముఖ్యంగా ప్రవాహ దిశలో పొడవుగా సాగే సుళ్లు నెమ్మదిగా తిరుగుతూ, వేగంగా పోయే పొరను కిందికీ మందంగా పోయే పొరను పైకీ తెచ్చి కలిపేస్తాయి. బలహీనమైన సుడి నుంచి బలమైన చారలు పుడతాయి. ఉబ్బిన ఆ క్షణంలో, మనం సరళరేఖల లెక్కలో వదిలేసిన పదాలు చిన్నవి కాకుండా పోతాయి.

అంతటితో సుళ్ల ప్రవాహం అర్థమైపోయిందని కాదు. ఉబ్బిన చారలు తిరిగి కొత్త సుళ్లను పుట్టించకపోతే మన (0, 1, 0)లాగే అవీ ఐదో సెకనుకి చల్లారిపోతాయి. పుట్టించే పని వదిలేసిన ఆ పదాలదే. అది ఏ మాత్రిక ఐగెన్ విలువలనుంచీ, ఏ సూడోస్పెక్ట్రమ్ నుంచీ రాదు.